మన యాడ్ సెట్లే ఒకదానికొకటి అడ్డుపడుతున్నప్పుడు: ఆక్షన్ ఓవర్‌ల్యాప్‌పై అపోహలు, వాస్తవాలు

ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో ఒకే దుకాణానికి ఐదారు యాడ్ సెట్లు నడిపేవాళ్లకు ఆక్షన్ ఓవర్‌ల్యాప్ అనే మాట, అంటే మన యాడ్ సెట్లే ఒకే వేలంలో ఎదురుపడటం, తరచూ వినిపిస్తుంది. ఓవర్‌ల్యాప్ నష్టం చేస్తుందన్నది నిజమే. అయితే ఆ నష్టం ఎక్కడ జరుగుతుందన్న విషయంలోనే చాలామంది పొరబడుతున్నారు. తప్పు చోట వెతికితే మందు కూడా తప్పుతుంది. అందుకే ముందు అక్కడి నుంచే మొదలుపెడదాం.

అపోహ: మన యాడ్ సెట్లు ఒకదానిపై ఒకటి వేలం పాడుకుని మన ధరను మనమే పెంచుకుంటాం.

అలా జరగదు. ఒక మనిషి ఫీడ్‌లో యాడ్ పెట్టే చోటు వచ్చిన ప్రతిసారీ మెటా ఒక వేలం నడుపుతుంది. ప్రతి యాడ్‌కూ ఒక మొత్తం విలువ కడుతుంది. మన బిడ్‌ను ఆ మనిషి మనకు కావలసిన పని చేసే అవకాశంతో హెచ్చవేసి, దానికి యాడ్ నాణ్యతను కలిపితే వచ్చేది ఆ విలువ. ఒకే ప్రకటనదారుడి యాడ్ సెట్లు రెండు మూడు అదే వేలానికి అర్హమైతే, వాటిలో విలువ ఎక్కువున్న ఒక్కదాన్నే లోపలికి పంపి మిగతావాటిని బయటే ఆపేస్తుంది. మనం చెల్లించే ధర లోపల ఉన్న ఇతర ప్రకటనదారులను బట్టి తేలుతుంది. బయట ఆగిన మన రెండో యాడ్ సెట్‌కు ఆ ధరతో సంబంధం లేదు.

కాబట్టి సీపీఎం, అంటే వెయ్యి చూపులకు పడే ధర, పెరిగిందంటే వెంటనే ఓవర్‌ల్యాప్‌ను అనుమానించకండి. పండగ సీజన్ పోటీ, పాతబడిన క్రియేటివ్, మరీ చిన్న ఆడియన్స్ లాంటి కారణాలను ముందు చూడాలి. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. డీలర్లు, ఫ్రాంచైజీలు వేరు వేరు పేజీలతో, వేరు వేరు ఖాతాలతో ఒకే ఊరి జనానికి యాడ్లు నడుపుతుంటే ఈ రక్షణ ఉంటుందని నమ్ముకోకూడదు. అక్కడ ఎవరు ఏ ప్రాంతంలో నడపాలో ముందే పంచుకోవడం మంచిది.

అసలు నష్టం బయట ఆగిపోయిన యాడ్ సెట్లకు. వాటికి చూపులు తగ్గుతాయి, బడ్జెట్ మిగిలిపోతుంది, ఆర్డర్లు అరకొరగా వస్తాయి. ఒక యాడ్ సెట్ నిలకడగా పనిచేయాలంటే చివరి పెద్ద మార్పు తర్వాత వారంలో సుమారు 50 ఫలితాలు కావాలని మెటా చెబుతుంది. ఆ లెక్క అందనిది Learning limited అన్న గుర్తుతో కుంటుతూ ఉంటుంది.

లెక్క కోసం ఒక దుకాణాన్ని ఊహించుకుందాం. మంగళగిరి చీరలు ఆన్‌లైన్‌లో అమ్ముతుంది. రోజుకు 3,000 రూపాయల ఖర్చు, ఒక్కో ఆర్డర్‌కు సుమారు 300 రూపాయలు పడుతోంది. అంటే వారానికి 70 ఆర్డర్లు. దీన్ని 500 రూపాయల చొప్పున ఆరు యాడ్ సెట్లకు పంచారు: కొన్నవారిని పోలిన 1% లుక్‌అలైక్, 3% లుక్‌అలైక్, చీరల ఇంట్రెస్ట్, చేనేత ఇంట్రెస్ట్, ఏ టార్గెటింగూ లేని బ్రాడ్, సైట్ చూసి వెళ్లినవారికి రీటార్గెటింగ్. ఒక్కోదానికి వారానికి 11 లేదా 12 ఆర్డర్లు దక్కుతాయి. ఆరింటిలో ఏదీ 50 దరిదాపుల్లోకి రాదు. డబ్బు సరిపడా ఉంది, ఆర్డర్లూ సరిపడా ఉన్నాయి. ముక్కలుగా పంచడం వల్లే ఏ యాడ్ సెట్టూ నేర్చుకోలేకపోతోంది.

అపోహ: ఆడియన్స్ ఓవర్‌ల్యాప్ ఎంత శాతమో, ఆక్షన్ ఓవర్‌ల్యాప్ కూడా అంతే.

ఇవి రెండు వేరు లెక్కలు. మొదటిది రెండు జాబితాల్లో ఎంతమంది ఉమ్మడిగా ఉన్నారో చెబుతుంది. రెండోది ఆ రెండు యాడ్ సెట్లు నిజంగా ఎన్నిసార్లు ఒకే వేలం గుమ్మం దగ్గర కలుసుకున్నాయో చెబుతుంది. ఒకే ఆడియన్స్‌తో ఒక యాడ్ సెట్‌ను ఫేస్‌బుక్ ఫీడ్‌కు, ఇంకొకదాన్ని ఇన్‌స్టాగ్రామ్ రీల్స్‌కు పరిమితం చేస్తే మనుషులు నూటికి నూరుపాళ్లు ఒకరే. కానీ ఆ రెండూ ఒకే వేలంలో ఎదురుపడవు. అక్కడ సమస్య డేటా రెండు ముక్కలవడం, అంతే. ఇంకోవైపు, జాబితాలు పైకి వేరుగా కనిపిస్తూనే వేలంలో రోజంతా ఢీకొనే యాడ్ సెట్లు ఉంటాయి.

దానికి రెండు కారణాలు ఎక్కువగా కనిపిస్తాయి. ఒకటి, Advantage+ audience ఆన్‌లో ఉంటే మనం ఇచ్చిన ఇంట్రెస్ట్‌లు సూచనలు మాత్రమే. ఫలితం దొరుకుతుందనుకుంటే మెటా వాటిని దాటి వెళుతుంది. చీరల ఇంట్రెస్ట్ యాడ్ సెట్టూ, చేనేత ఇంట్రెస్ట్ యాడ్ సెట్టూ చివరికి ఒకే గుంటూరు మహిళ దగ్గరకే చేరతాయి. రెండోది లుక్‌అలైక్. విడిగా తయారుచేసిన 3% జాబితాలో అదే మూలం నుంచి వచ్చిన 1% మొత్తం లోపలే ఉంటుంది.

తెలుగు మార్కెట్‌లో మూడో కారణం కూడా ఉంది. తెలుగు యాడ్‌కు ఒక యాడ్ సెట్, ఇంగ్లిష్ యాడ్‌కు ఇంకొకటి పెట్టి, రెండింటినీ ఆంధ్ర, తెలంగాణలపైనే వదులుతారు. భాష టార్గెటింగ్‌తో విడదీద్దామన్నా సరిగ్గా కుదరదు. ఇంట్లో తెలుగు మాట్లాడే చాలామంది ఫోన్‌నూ యాప్‌నూ ఇంగ్లిష్‌లోనే ఉంచుకుంటారు కాబట్టి, తెలుగు అని పెడితే వాళ్లలో చాలామంది తప్పిపోతారు. రెండు భాషల యాడ్లనూ ఒకే యాడ్ సెట్‌లో ఉంచితే ఎవరికి ఏది చూపాలో వ్యవస్థే ఎంచుకుంటుంది. మా దృష్టిలో ఇదే సరైన పద్ధతి.

ఢీకొంటున్నాయని తెలిసేదెలా? యాడ్స్ మేనేజర్‌లో ఆ యాడ్ సెట్‌కు Inspect కనిపిస్తే అందులో Auction overlap గ్రాఫ్ చూడండి. వరుసగా కనీసం ఐదు రోజులు ఆడినవాటికే అది వస్తుంది. మీ ఖాతాలో ఆ గ్రాఫ్ లేకపోతే రిపోర్టును రోజులవారీగా విడగొట్టి, ఒక్కో యాడ్ సెట్ ఖర్చును పక్కపక్కన పెట్టండి. ఒకటి పూర్తిగా ఖర్చయిన రోజుల్లో ఇంకొకటి సగంలో ఆగిపోవడం, అదీ మళ్లీ మళ్లీ జరగడం బలమైన సంకేతం. అన్నీ బడ్జెట్ పూర్తిగా ఖర్చుచేస్తూ, ధర నిలకడగా ఉంటే ఓవర్‌ల్యాప్ శాతం చూసి కంగారుపడనక్కరలేదు.

అపోహ: ప్రతి యాడ్ సెట్ నుంచీ మిగతావాటిని ఎక్స్‌క్లూడ్ చేస్తే సరి.

ఎక్స్‌క్లూజన్ కస్టమ్ ఆడియన్స్‌లకు బాగా పనిచేస్తుంది. గత 180 రోజుల్లో కొన్నవారిని కొత్త కస్టమర్ల యాడ్ సెట్ నుంచి తీసేయడం మంచి అలవాటే. కానీ కొత్త కస్టమర్లను వెతికే ఐదు ప్రాస్పెక్టింగ్ యాడ్ సెట్లను ఒకదాని నుంచి ఒకటి విడదీయాలనుకుంటే చిక్కులే మిగులుతాయి. ప్రతి జాబితా చిన్నదవుతుంది, ఒకే మనిషికి యాడ్ ఎన్నిసార్లు కనిపిస్తుందో చెప్పే ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది, వారానికి 11 ఆర్డర్ల సమస్య మాత్రం అలాగే ఉంటుంది. ఎందుకంటే అసలు సమస్య ముక్కలు చేయడం. ఎక్స్‌క్లూజన్ ఆ ముక్కలను ఇంకా గట్టిగా నిలబెడుతుంది. పైగా ఫోన్‌లో ట్రాకింగ్ వద్దన్నవారు, సైట్‌లో పెట్టే ట్రాకింగ్ కోడ్ అయిన పిక్సెల్‌కు చిక్కనివారు ఎక్స్‌క్లూడ్ జాబితాలోకి రారు కాబట్టి గోడ ఎప్పుడూ పూర్తికాదు.

అపోహ: కలపడమంటే పాతవన్నీ ఆపేసి కొత్త క్యాంపెయిన్ మొదలుపెట్టడం.

ఇది ఖరీదైన పొరపాటు. కొత్తది సున్నా నుంచి మొదలవుతుంది. పాత పోస్టులపై పోగైన కామెంట్లు, లైకులు కూడా వెనకే ఉండిపోతాయి. ఉన్నవాటిలో ఒకదాన్ని నిలబెట్టి మిగతావాటిని అందులోకి తేవడమే పద్ధతి.

ముందు ఏవి కలపవచ్చో తేల్చుకోవాలి. ఒకే లక్ష్యం, ఒకే ప్రాంతం, యాడ్ చూశాక ఎన్ని రోజుల్లోపు వచ్చిన ఆర్డర్‌ను దాని లెక్కలో వేయాలో చెప్పే అట్రిబ్యూషన్ గడువు ఒకటే ఉన్నవే కలుస్తాయి. కొనుగోలు కోసం నడిచేదాన్ని లీడ్స్ కోసం నడిచేదానితో కలపకూడదు. అమెరికాలోని తెలుగువారికి అమ్మేదీ, ఇక్కడివారికి అమ్మేదీ విడిగానే ఉండాలి. వేలాలూ వేరు, ధరలూ వేరు, డెలివరీ ఖర్చూ వేరు. ఒకే సంచిలో వేస్తే చౌకగా దొరికే వైపుకే డబ్బంతా పోతుంది.

మన చీరల దుకాణంలో ఐదు ప్రాస్పెక్టింగ్ యాడ్ సెట్లు ఈ పరీక్షలో నిలుస్తాయి. వాటిలో గత 30 రోజుల్లో ఎక్కువ ఆర్డర్లు తెచ్చినదాన్ని ఉంచుతాం. ఇక్కడ ఆర్డర్ల సంఖ్య చూడాలి, తక్కువ ధర కాదు. నాలుగే ఆర్డర్లతో చౌకగా కనిపించేది అదృష్టం కావచ్చు. ఈ దుకాణంలో అది బ్రాడ్ అనుకుందాం.

మిగతా నాలుగింటి నుంచి నిజంగా ఆర్డర్లు తెచ్చిన యాడ్లను ఒక్కోటి చొప్పున తీసుకుని, పాత పోస్ట్ ఐడీతోనే Use existing post ద్వారా ఇందులోకి తెస్తాం. అలా చేస్తే పాత కామెంట్లు నిలుస్తాయి. మొత్తం యాడ్లు ఆరు దాటకుండా చూసుకోండి. అంతకు మించితే కొన్నింటికి చూపులే దక్కవు.

కొత్త యాడ్ చేర్చినా, టార్గెటింగ్ మార్చినా, బడ్జెట్ ఒక్కసారిగా పెంచినా నేర్చుకునే దశ మళ్లీ మొదలవుతుంది. అందుకే అన్నీ ఒకే విడతలో చేయాలి: యాడ్లు చేర్చడం, బడ్జెట్‌ను 500 నుంచి 2,500 చేయడం, మిగతా నాలుగింటినీ ఆపడం. సోమవారం ఒక మార్పు, బుధవారం ఇంకొకటి చేస్తే గడియారం ప్రతిసారీ వెనక్కి తిరుగుతుంది. తర్వాత ఏడు రోజులు ముట్టుకోకూడదు. ధర అలాగే ఉన్నా వారానికి సుమారు 58 ఆర్డర్లు ఒకేచోట పడతాయి. 50 గీత దాటినట్టే.

రీటార్గెటింగ్ సంగతేమిటి? రోజుకు 500 రూపాయలతో వారానికి పన్నెండు ఆర్డర్లు తెచ్చేదాన్ని విడిగా ఉంచాలా అన్నది ఆలోచించాల్సిందే. కార్ట్‌లో వదిలేసినవారికి ప్రత్యేకంగా చెప్పే మాట, అంటే డిస్కౌంటో, ఉచిత డెలివరీనో ఉంటే ఉంచండి. అలా ఉంచితే ఆ సైట్ సందర్శకులను ప్రాస్పెక్టింగ్ నుంచి ఎక్స్‌క్లూడ్ చేయండి. అందరికీ చూపే యాడ్లే వాళ్లకూ చూపుతుంటే దాన్నీ కలిపేసి, సందర్శకుల ఎక్స్‌క్లూజన్ తీసేయండి. బ్రాడ్ ఎలాగూ వాళ్లను వెతికి పట్టుకుంటుంది. ఈ స్థాయి దుకాణానికి మేము రెండో దారినే సూచిస్తాం.

అన్నీ కలిపినా 50 అందకపోవచ్చు. రోజుకు 1,000 రూపాయలు పెట్టేవారికి ఇదే ధరకు వారానికి 23 ఆర్డర్లే వస్తాయి. అప్పుడు కొనుగోలు బదులు చెక్‌అవుట్ మొదలుపెట్టడాన్ని లక్ష్యంగా పెట్టి చూడవచ్చు. ఇంకా కిందికి, కార్ట్‌లో వేయడం దాకా దిగితే వేసి వదిలేసేవాళ్లే ఎక్కువగా వచ్చే ప్రమాదం ఉంది.

రెండు ఆడియన్స్‌లలో ఏది మేలో తెలుసుకోవాలనే ఉద్దేశంతోనే కొందరు విడివిడిగా నడుపుతారు. దానికి A/B test ఉంది. అది జనాన్ని రెండు భాగాలు చేసి, ఒకరికి ఒక వైపే చూపుతుంది. పక్కపక్కన వదిలేసిన యాడ్ సెట్ల మధ్య పోలిక నమ్మదగింది కాదు. ఓడిపోయింది నిజంగా ఓడిందో, వేలంలోకే రానివ్వలేదో తెలియదు.

కలిపాక ఫలితాన్ని మిగిలిన యాడ్ సెట్ ధరతో కొలవకండి. ఆరింటికీ కలిపి పాత వారాల్లో పెట్టిన మొత్తం ఖర్చును మొత్తం ఆర్డర్లతో భాగించి, ఇప్పటి మొత్తంతో పోల్చండి. ఆర్డర్ల సంఖ్యను దుకాణం సొంత లెక్కల నుంచి తీసుకుంటే ఇంకా మంచిది. మార్పు తర్వాతి మొదటి వారాన్ని పోలికలో చేర్చవద్దు. పండగ వారంతో మామూలు వారాన్ని పోల్చినా లెక్క చెడుతుంది. రెండు, మూడు వారాల తర్వాత కూడా ధర పాతదానికంటే ఎక్కువే ఉండి, ఫ్రీక్వెన్సీ పెరుగుతూ పోతుంటే, నాలుగు యాడ్ సెట్లను తిరిగి తెరవకండి. ముందు యాడ్లు మార్చి చూడండి.