చెక్కు బౌన్స్ నోటీసులో డిమాండ్ వాక్యం: అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళంలో మా ఆఫీసుకి వచ్చే లీగల్ నోటీసు పనుల్లో ఎక్కువ భాగం చెక్కు బౌన్స్ వ్యవహారాలే. జూనియర్ రాసిన డ్రాఫ్టు సంతకానికి వెళ్లే ముందు నా బల్ల మీదికి వస్తుంది. స్పెల్లింగులు దిద్దడానికి కాదు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద కేసు నిలబడాలంటే ముందు నోటీసు నిలబడాలి. ఆ నోటీసులోనూ చాలా బరువు మోసేది ఒకే వాక్యం, ఎంత డబ్బు, ఎప్పటిలోగా కట్టాలో అడిగే డిమాండ్ వాక్యం. దాని చుట్టూ అల్లుకున్న అపోహలను ఒక డ్రాఫ్టు ఎదురుగా పెట్టుకుని చెబుతాను. ఎవరిదో గుర్తు పట్టకుండా తేదీలు, అంకెలు మార్చాను.

కాశీబుగ్గలో జీడిపప్పు వ్యాపారి ఒకాయన విజయనగరంలోని ఒక హోల్‌సేల్ షాపుకి సరుకు పంపారు. రావాల్సింది రూ. 5,60,000. షాపువాళ్లు రూ. 4,75,000కి 2025 నవంబర్ 10 తేదీతో చెక్కు ఇచ్చి, మిగతా 85,000 తర్వాత చూద్దామన్నారు. ఖాతాలో డబ్బు చాలక నవంబర్ 14న చెక్కు తిరిగొచ్చింది. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు రాసిచ్చే మెమో ఆయన చేతికి 17న అందింది. మా జూనియర్ రాసిన డ్రాఫ్టులో చివరి వాక్యం ఇది:

"కావున ఈ నోటీసు తేదీ నుంచి ఏడు రోజులలోగా మీరు బకాయిపడిన మొత్తం రూ. 6,02,000 వడ్డీతో సహా చెల్లించవలెను, లేనిచో తీవ్ర పరిణామాలు ఎదుర్కొనవలసి వచ్చును."

చదవడానికి మామూలు నోటీసులాగే ఉంది. ఇందులో దిద్దాల్సినవి మూడు ఉన్నాయి.

అపోహ: రావాల్సినదంతా కలిపి అడగాలి. అంకెలో తేడా ఉంటే తర్వాత కోర్టులో సరిచేసుకోవచ్చు.

ఆ వ్యాపారి కూడా నన్ను ఇదే అడిగారు. "ఏటండీ లాయరుగారూ, చెక్కు నాలుగు లక్షల డెబ్బై అయిదు వేలే గానీ, నాకు రావాల్సింది ఆరు లక్షలు దాటిపోయింది కదా. వడ్డీ అడగొద్దేటి?"

అడగొచ్చు. కానీ అదే వాక్యంలో కలిపేసి కాదు. 138వ సెక్షన్ అడగమంటున్నది చెక్కు మీద రాసిన మొత్తాన్ని. మొత్తం బాకీ వేరు, చెక్కు మొత్తం వేరు. నోటీసు పై పేరాల్లో చెక్కు నంబరు, తేదీ, మొత్తం అన్నీ సరిగ్గా ఉన్నా, డిమాండ్ దగ్గరికొచ్చేసరికి అప్పు మొత్తం అడిగితే ఆ నోటీసు చెల్లదని కె.ఆర్. ఇందిర కేసులో 2003లో సుప్రీంకోర్టు చెప్పింది. 2008లో రాహుల్ బిల్డర్స్ కేసులోనూ అంతే. చెక్కు లక్ష రూపాయలకైతే నోటీసులో బిల్లుల బకాయి ఎనిమిది లక్షల పైచిలుకు అడిగారు, కేసు నిలవలేదు.

"టైపింగ్ తప్పండీ" అనే మాటకీ ఇప్పుడు చోటు లేదు. 2025 సెప్టెంబర్‌లో కావేరీ ప్లాస్టిక్స్ కేసులో చెక్కు కోటి రూపాయలకి ఉంటే నోటీసులో రెండు కోట్లు అని పడింది. పొరపాటున పడిందన్న వాదనను సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఇది శిక్ష పడే చట్టం కాబట్టి నోటీసులో మొత్తం చెక్కుతో అచ్చంగా సరిపోవాల్సిందేనని చెప్పింది. ఈ తీర్పు వచ్చాక మా ఆఫీసులో చెక్కు జిరాక్సు పక్కన లేకుండా ఏ డ్రాఫ్టూ దిద్దడం లేదు. ఒకరు చెక్కు పట్టుకుని అంకె పైకి చదువుతారు, రెండోవారు డ్రాఫ్టులో అది వచ్చిన ప్రతిచోటా వేలు పెట్టి చూస్తారు. ఈ డ్రాఫ్టులోనే రెండో పేరాలో 4,75,000 ఉండగా నాలుగో పేరాలో 4,57,000 అని పడింది. ఒక్కరే మనసులో చదువుకుంటూ పోతే ఇలాంటివి కంటికి ఆనవు. రాయాల్సిన అంకె ముందే తెలుసు కాబట్టి కన్ను దాన్నే చూస్తుంది.

మరి వడ్డీ, మిగతా బాకీ? 2000లో సుమన్ సేఠీ కేసులో దీనికి దారి ఉంది. చెక్కు మొత్తాన్ని విడిగా, స్పష్టంగా అడిగి, నోటీసు ఖర్చుల వంటివి వేరుగా చూపిస్తే నోటీసు చెడిపోదు. అందుకే డిమాండ్‌ని ఇలా మార్చాం:

"కాబట్టి ఈ నోటీసు మీకు అందిన రోజు నుంచి 15 రోజులలోగా, పైన చెప్పిన చెక్కు మొత్తం రూ. 4,75,000, అక్షరాలా నాలుగు లక్షల డెబ్బై ఐదు వేల రూపాయలు, మా క్లయింటుకు చెల్లించవలసిందిగా డిమాండ్ చేస్తున్నాం."

ఆ తర్వాత కొత్త పేరా మొదలుపెట్టి, మిగిలిన బాకీ రూ. 85,000, దాని మీదా చెక్కు మొత్తం మీదా వడ్డీ వసూలుకి మా క్లయింటుకున్న సివిల్ హక్కులు అలాగే ఉంటాయని రాశాం. ఆ పేరాలో 6,02,000 అనే కూడిక ఎక్కడా లేదు. కూడిక కనిపిస్తే చాలు, అవతలి లాయరు అదే అసలు డిమాండ్ అని వాదన మొదలుపెడతారు.

అంకె ఖాయం చేసే ముందు క్లయింటుని తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: చెక్కు చేతికొచ్చాక ఫోన్‌పేలో గానీ, చేతికి గానీ వాళ్లు ఏమైనా ఇచ్చారా? "పండక్కి ఓ యాభై వేలు పంపారు గానీ, అది వేరే లెక్కండీ" అని చాలామంది తేలిగ్గా చెబుతారు. అది ఈ బాకీలోకే వెళితే కథ మారిపోతుంది. కొంత డబ్బు ముట్టాక ఆ సంగతి చెక్కు మీద రాయకుండా పూర్తి మొత్తానికి బ్యాంకులో వేస్తే 138 కింద నేరం కాదని 2022లో దశరథ్‌భాయ్ పటేల్ కేసులో తీర్పు వచ్చింది. అది నోటీసు దిద్దితే పోయే చిక్కు కాదు, చెక్కు బ్యాంకుకి వెళ్లకముందే చూసుకోవాల్సింది.

అపోహ: నెల రోజుల గడువు చెక్కు తేదీ నుంచి. ఆలోగా నోటీసు అవతలివాళ్లకి చేరిపోవాలి.

రెండూ కావు. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు నుంచి మనకి తెలిసిన రోజు నుంచి 30 రోజులు. ఆ తెలిసిన రోజుని లెక్కలోంచి తీసేయాలి. ఆ 30 రోజుల్లో నోటీసు పంపితే చాలు, చేరడం ఆలస్యమైనా ఫరవాలేదు.

మన కేసులో మెమో 17న అందింది కాబట్టి డిసెంబర్ 17 దాకా గడువు ఉందనుకోవచ్చు. కానీ ఇప్పుడు చెక్కు తిరిగొచ్చిన రోజే ఫోన్‌కి మెసేజ్ వస్తోంది. ఈయనకీ 14నే వచ్చింది. అందుకే నేను ఎప్పుడూ ముందు తేదీనే పట్టుకుంటాను. 14 నుంచి లెక్కేస్తే చివరి రోజు డిసెంబర్ 14, ఆదివారం. అంటే 13 శనివారం లోపు పోస్టాఫీసు రసీదు చేతిలో ఉండాలి. మేం నవంబర్ 26నే పంపాం. 2025లో రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది కాబట్టి "రిజిస్టర్డ్ పోస్టు ద్వారా" అని పాత నమూనాలో ఉన్న మాటని కూడా మార్చాం. రసీదు ఒకటి, నోటీసులో రాసింది ఇంకొకటి అయితే సాక్ష్యం చెప్పేటప్పుడు అనవసరపు ప్రశ్నలు వస్తాయి.

ఇక డ్రాఫ్టులోని "నోటీసు తేదీ నుంచి ఏడు రోజులు" మామూలు బాకీ నోటీసులోంచి దిగిన మాట. చట్టం ఇచ్చింది నోటీసు అందిన రోజు నుంచి 15 రోజులు. ఏడు అని రాస్తే ఆ ఏడు రోజులూ చూసి క్లయింటు "కేసు వేసేద్దాం" అని వచ్చి కూర్చుంటారు. 15 రోజులు నిండకుండా వేసిన ఫిర్యాదు చెల్లదని యోగేంద్ర ప్రతాప్ సింగ్ కేసులో 2014లోనే తేలిపోయింది.

ఈ నోటీసు షాపుకి 29న అందింది. ఆ రోజు తీసేస్తే 15వ రోజు డిసెంబర్ 14. డబ్బు రాకపోతే 15న ఫిర్యాదు హక్కు పుడుతుంది, అక్కడి నుంచి నెలలోపు, అంటే జనవరి 15 లోపు ఫిర్యాదు వేయాలి. జనవరి 15 సంక్రాంతి. అందుకే ఫైలు అట్ట మీద "డిసెంబర్‌లోనే వేయాలి" అని ఎర్ర ఇంకుతో రాయించాను. ఫిర్యాదు ఆలస్యమైతే తగిన కారణం చూపి కోర్టుని వేడుకునే వీలు చట్టంలో ఉంది. నోటీసుకున్న 30 రోజులు దాటిపోతే ఆ వీలు లేదు.

అపోహ: ఘాటుగా రాస్తేనే భయపడి కడతారు.

"తీవ్ర పరిణామాలు" అన్నది కొట్టేశాను. ఏ పరిణామమో చెప్పని బెదిరింపు అది. దాని బదులు, గడువులోగా చెల్లించకపోతే 138వ సెక్షన్ కింద ఫిర్యాదు చేస్తాం అని రాస్తే చాలు. రెండేళ్ల దాకా జైలు, చెక్కు మొత్తానికి రెండింతల దాకా జరిమానా ఉన్న సెక్షన్ అది. దానికి మనం కారం అద్దక్కర్లేదు.

ఇదే డ్రాఫ్టు మొదటి పేరాలో "ఎన్నో ఏళ్లుగా నమ్మకంగా వ్యాపారం చేస్తున్న మీరు" అని ఉంది. మూడో పేరాలో "మొదటి నుంచీ మోసం చేసే ఉద్దేశంతోనే సరుకు తీసుకున్న మీరు" అని ఉంది. రేపు ఈ నోటీసు కోర్టులో సాక్ష్యంగా ఎగ్జిబిట్ అవుతుంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఈ రెండు వాక్యాలూ పక్కపక్కన పెట్టి "ఇందులో ఏది నిజం?" అని అడిగితే బోనులో నిలబడి జవాబు చెప్పాల్సింది జూనియర్ కాదు, కాశీబుగ్గ నుంచి వచ్చిన ఆ పెద్దాయన. అందుకే నోటీసు మొత్తం ఆయనకి తెలుగులో చదివి వినిపించి, ఒక్కో తేదీ దగ్గర ఆగి, ఔనన్నాకే సంతకం చేస్తాం. "మోసగాడు", "పరువు తీస్తాం" లాంటి మాటలు, వాళ్ల బంధువులకి, వర్తక సంఘానికి కాపీలు పంపడం మా ఆఫీసులో పూర్తిగా నిషేధం. డబ్బు రాకపోగా పరువునష్టం గొడవ మన మెడకి చుట్టుకుంటుంది.

అలాగని మర్యాదగా అడిగితే నోటీసు చెల్లదనీ కాదు. "చెల్లించగలరు" అన్నా ఫరవాలేదు. ఎంత, ఎవరికి, ఎప్పటిలోగా అన్నది తడుముకోకుండా తెలిస్తే చాలు.

అపోహ: తప్పు నోటీసు వెళ్లిపోతే ఇక అంతే.

అది ఎప్పుడు బయటపడిందన్నదాన్ని బట్టి ఉంటుంది. 30 రోజుల గడువు ఇంకా ఉంటే మొదటి నోటీసుని ఉపసంహరించుకుంటున్నామని రాసి, సరైన మొత్తంతో పూర్తి నోటీసు మళ్లీ పంపాలి. "ఫలానా పేరాలో ఈ అంకెని ఇలా చదువుకోగలరు" అని ముక్కలుగా సవరణ పంపడం నాకు ఇష్టం లేదు. కోర్టు ముందు ఒకే పూర్తి కాగితం ఉండాలి.

గడువు దాటిపోయినా, చెక్కు తేదీ నుంచి మూడు నెలలు నిండకపోతే దాన్ని మళ్లీ బ్యాంకులో వేయొచ్చు. మళ్లీ తిరిగొస్తే కొత్త మెమో, కొత్త 30 రోజులు, కొత్త నోటీసు. ఇది చెల్లుతుందని 2012లో ఎంఎస్ఆర్ లెదర్స్ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. మన వ్యాపారి చెక్కు నవంబర్ 10ది కాబట్టి ఆ అవకాశం ఫిబ్రవరి 9 ప్రాంతం దాకా ఉంటుంది, చివరి రోజు దాకా ఆగకుండా వేసేయాలి. ఆ మూడు నెలలూ కూడా అయిపోతే 138 దారి మూసుకుపోయినట్టే. అప్పుడు మిగిలేది డబ్బు వసూలుకి సివిల్ దావా. దానికి మూడేళ్ల గడువు ఉంది, కోర్టు ఫీజు కట్టాలి.