నచికేతుడి మూడో వరం

పద్మారావునగర్,
హైదరాబాదు.

చిరంజీవులు చిన్నీకి, బుజ్జికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోనులో బుజ్జి, "ఎదురింటి మామ్మ చనిపోయింది కదా తాతయ్యా, ఇప్పుడు ఆవిడ ఉన్నట్టా, లేనట్టా?" అని అడిగాడు. నేను జవాబు చెప్పలేక మాట మార్చాను. అది తప్పని ఆ రాత్రే తోచింది. ఎందుకంటే దాదాపు అవే మాటలతో ఒక చిన్న పిల్లవాడు యమధర్మరాజునే ఈ ప్రశ్న అడిగాడు. కఠోపనిషత్తులో ఉన్న ఆ కథను, పడుకునే ముందు అమ్మ మీకు చదివి వినిపించేందుకు వీలుగా తేలిక మాటల్లో రాస్తున్నాను.

ఆ పిల్లవాడి పేరు నచికేతుడు. వాళ్ళ నాన్న వాజశ్రవసుడు, తనకున్నదంతా దానం చేసెయ్యవలసిన ఒక పెద్ద యాగం చేశాడు. దానమివ్వడానికి ఆవులను తోలుకొస్తుంటే నచికేతుడు వాటిని పరీక్షగా చూశాడు. అవి తాగవలసిన నీళ్ళు తాగేశాయి, మేయవలసిన గడ్డి మేసేశాయి, ఇవ్వవలసిన పాలు ఇచ్చేశాయి, ఇక ఈనే శక్తి కూడా వాటికి లేదు. ఎవరికీ పనికిరాని వాటిని ఇస్తే నాన్నకు మంచి జరగదని వాడికి దిగులు పట్టుకుంది. 'నేనూ నాన్న సొత్తునే కదా' అనుకుని, "నాన్నా, నన్నెవరికిస్తావు?" అని అడిగాడు. నాన్న పలకలేదు. రెండోసారి, మూడోసారి అడిగేసరికి ఆయనకు కోపం వచ్చి, "నిన్ను మృత్యువుకిస్తాను" అనేశాడు. కోపంలో వచ్చిన మాటే అయినా, మాట తప్పడం మన పెద్దల పద్ధతి కాదని చెప్పి, నచికేతుడు యముడి ఇంటికి బయలుదేరాడు.

తీరా వెళితే యముడు ఇంట్లో లేడు. పిల్లవాడు మూడు రాత్రులు ఏమీ తినకుండా అక్కడే ఉన్నాడు. తిరిగివచ్చిన యముడు, ఇంటికొచ్చిన అతిథిని పస్తు ఉంచినందుకు ఎంతో నొచ్చుకుని, ఆ పిల్లవాడికి నమస్కరించి, రాత్రికొకటి చొప్పున మూడు వరాలిస్తానన్నాడు. నాన్న కోపం చల్లారి, తాను తిరిగి వెళ్ళినప్పుడు గుర్తుపట్టి పలకరించాలని నచికేతుడు మొదటి వరం కోరాడు. స్వర్గానికి చేర్చే ఒక యజ్ఞాగ్ని గురించి రెండో వరంగా తెలుసుకున్నాడు. ఆ రెండూ యముడు వెంటనే ఇచ్చేశాడు.

మూడో వరం దగ్గరే ఆగిపోయాడు. "మనిషి చనిపోయాక ఉన్నాడని కొందరంటారు, లేడని కొందరంటారు. ఏది నిజమో నాకు చెప్పు" అన్నాడు నచికేతుడు. "దేవతలకే ఈ సందేహం తీరలేదు, వేరే ఏదైనా కోరుకో" అని యముడు బతిమాలాడు. నూరేళ్ళు బతికే కొడుకులను, మనవలను, ఏనుగులను, గుర్రాలను, బంగారాన్ని, ఎన్నేళ్ళు కావాలంటే అన్నేళ్ళ ఆయుష్షును ఇస్తానన్నాడు. "ఇవన్నీ రేపటికి ఉంటాయో లేదో తెలియనివి, నీ గుర్రాలు నీ దగ్గరే ఉండనీ" అన్నాడు ఆ పిల్లవాడు. ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట అదే. అది విని యముడు కోప్పడలేదు సరికదా, నీలాంటివాడు ప్రశ్నలడగడానికి వస్తూ ఉండాలని సంతోషించాడు.

ఇక యముడు చెప్పిన జవాబు. చనిపోయినవారు ఎక్కడికి వెళతారో, ఆ చోటు ఎలా ఉంటుందో చెబుతాడని మనం అనుకుంటాం. చేసిన పనులను బట్టి, తెలుసుకున్నదాన్ని బట్టి మరో పుట్టుక వస్తుందని ఆయన ఒకచోట క్లుప్తంగా చెప్పి ఊరుకున్నాడు. అంతకన్నా ఎక్కువగా, ఇప్పుడు మన లోపల ఉన్నది ఎవరో చెప్పాడు. మన శరీరం ఒక రథం. కళ్ళూ చెవులూ మొదలైనవి దాని గుర్రాలు, మనసు పగ్గం, బుద్ధి సారథి. లోపల కూర్చుని ప్రయాణం చేసేది ఆత్మ. మన వీధిలో బరాత్ వెళ్ళినప్పుడు, బాజాలకు బెదిరిన గుర్రాన్ని ఒకతను కళ్ళెం బిగించి పట్టుకోవడం మీరు చూశారు కదా, బుద్ధి చేసే పని అలాంటిదే. రథం పాడైపోవచ్చు గాని, అందులో కూర్చున్న ఆత్మ పుట్టదు, చావదు, శరీరం పోయినా పోదు అన్నాడు యముడు.

కాబట్టి బుజ్జీ, నీ ప్రశ్నకు యముడిచ్చిన జవాబు 'ఉంది' అనే. అయితే ఆ ఆత్మ కంటికి కనిపించదనీ, ఎంత చదివినా, ఎంత విన్నా అంతమాత్రాన దొరకదనీ కూడా ఆయనే చెప్పాడు. ముంజగడ్డిలోంచి ఈనెను తెగిపోకుండా ఓపికగా లాగినట్టు, శరీరం నుంచి దాన్ని వేరుగా తెలుసుకోవాలట. అమ్మ కొబ్బరాకు చీల్చి చీపురుకు ఈనెలు తీస్తున్నప్పుడు పక్కన కూర్చుని చూడండి, తొందరపడితే ఏమవుతుందో తెలుస్తుంది.

మరి నచికేతుడు ఇంటికి చేరాడా అని చిన్నీ తప్పకుండా అడుగుతుంది. వాడు ఇల్లు చేరిన ఘట్టాన్ని ఉపనిషత్తు వర్ణించలేదు. కానీ మొదటి వరం ఇస్తూ యముడు అన్న మాట మాత్రం అందులో ఉంది: "మృత్యువు నోటినుంచి విడుదలై వచ్చిన నిన్ను చూసి మీ నాన్న కోపం పోయి, రాత్రుళ్ళు సుఖంగా నిద్రపోతాడు."

ఇట్లు,
మీ తాతయ్య