కొత్త విద్యార్థి పేరు పలకడం: అపోహలు - వాస్తవాలు

నిరుడు జూన్‌లో మా ఆరో తరగతికి తమిళ కుటుంబం నుంచి ఒక అమ్మాయి వచ్చింది. హాజరు పట్టికలో పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. మధ్యలో జెడ్, హెచ్ కనిపిస్తే మనం అలవాటుగా ‘యాఝిని’ అని చదివేస్తాం. అసలు పేరు యాఴిని, అందులోని ‘ఴ’ మన ‘ళ’కు దగ్గరగా ఉండే తమిళ శబ్దం. (పేరు మార్చాను, చిక్కు తెచ్చిన శబ్దం మాత్రం అదే.)

అపోహ: తప్పు పలికితే పిల్లలే సరిదిద్దుతారు.

వాస్తవం: దిద్దరు. కొత్త బడిలో, తెలియని ముఖాల ముందు, పదకొండేళ్ల పిల్ల టీచరు తప్పు ఎత్తిచూపదు. ‘ప్రెజెంట్ టీచర్’ అని కూర్చుంటుంది. ఆ తప్పే తరగతి అంతటి నోట స్థిరపడుతుంది. అందుకే ముందురోజు సాయంత్రమే వాళ్లమ్మకు ఫోను చేసి పేరు నెమ్మదిగా రెండుసార్లు చెప్పించుకున్నాను. తమిళుల్లోనే చాలామంది ఈ శబ్దాన్ని ‘ళ’గా పలుకుతారు. వాళ్లింట్లో యాళిని అనుకుంటే నాకూ అదే సరైన పేరు అయ్యేది.

అపోహ: ఆ శబ్దం తెలుగువాళ్ల నోరు తిరగదు.

వాస్తవం: ‘ళ’ అనేటప్పుడు మడిచిన నాలుక కొన అంగిలికి తగులుతుంది. ‘ఴ’కు మడత అదే, కొన మాత్రం తగలకూడదు. ఆ సందులోంచి గొంతు సాగాలి. ఇది మనకు పరాయిదీ కాదు. పాత తెలుగు శాసనాల్లో ఈ అక్షరం ఉంది, తర్వాత చాలా మాటల్లో ‘డ’గా మారింది. మర్నాడు, పేరు గురించి పిల్లలకు చెప్పవచ్చా అని ఆ అమ్మాయిని తలుపు దగ్గరే అడిగాను. తల ఊపాక ఇలా మాట్లాడాను:

“పిల్లలూ, ఈ రోజు నుంచి యాఴిని మనతో చదువుకుంటుంది. యాఴ్ అంటే పూర్వం తమిళనాట వాయించిన తీగల వాద్యం. మనం ఏడు అంటే వాళ్లు ఏఴు అంటారు, మన కోడి వాళ్లకు కోఴి. యాఴిని, కిటికీ పక్క బెంచీ నీది. రా అమ్మా.”

నిమిషం కూడా పట్టలేదు. పేరు రెండుసార్లు వినిపించింది, రెండుసార్లూ మాటల మధ్యలోనే.

అపోహ: తరగతి చేత పదిసార్లు అనిపిస్తే వచ్చేస్తుంది.

వాస్తవం: అలా చేస్తే ఆ పిల్ల పేరు నోరు తిరగని పదాల ఆటగా మారుతుంది, విరామంలో అదే వెక్కిరింత అవుతుంది. ఎవరైనా తప్పు పలికితే నేను ఆపను, నా జవాబులో సరైన పేరు వినిపిస్తాను. వారం తర్వాత ఒక అబ్బాయి “టీచర్, యాడిని పుస్తకం నా దగ్గరుంది” అన్నాడు. ఏఴు ఏడైనప్పుడు యాఴిని యాడిని కావాలని వాడి లెక్క. “యాఴిని పుస్తకమా? ఇచ్చెయ్యి నాన్నా” అన్నాను. పుస్తకం అందుకుంటూ ఆ అమ్మాయే నోరు తెరిచి, నాలుక ఎక్కడ ఆగాలో వాడికి చూపించింది.