ఫొటోలు అద్భుతం, వీడియో కాల్‌కి మాత్రం రారు: డేటింగ్ ప్రొఫైళ్లపై అపోహలు - వాస్తవాలు

సైబర్ మోసాల కేసుల్లో బాధితుల ఫోన్లు, చాట్లు పరిశీలించడం నా పని. డేటింగ్ యాప్ కేసుల్లో తరచూ వినపడే మాట ఒకటుంది: "నేను చెక్ చేశానండీ." అబద్ధం కాదు, నిజంగానే చేసి ఉంటారు. కానీ ఆ చెక్ వల్ల ఏం తేలుతుందో, ఏం తేలదో తెలియక దెబ్బతింటారు.

అపోహ: ఫొటోని గూగుల్‌లో వెతికాను, ఎక్కడా దొరకలేదు. కాబట్టి నిజమైన మనిషే.

వాస్తవం: వేరే పేరుతో దొరికితే అది గట్టి ఆధారమే. దొరక్కపోతే మాత్రం ఏమీ తేలలేదని అర్థం. ప్రైవేట్ అకౌంట్‌లోంచి తీసిన ఫొటో సెర్చ్‌కి చిక్కదు. ఏఐతో పుట్టించిన ముఖానికి అసలంటూ ఎక్కడా ఉండదు. కొందరైతే దొంగిలించిన ఫొటోని అద్దంలో చూసినట్టు ఎడమకి కుడికి తిప్పి పెడతారు. చాలాసార్లు అంతమాత్రానికే సెర్చ్ తడబడుతుంది.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఒకాయన చూపించిన ప్రొఫైల్ ఇలాంటిదే. విజయవాడ అమ్మాయి, పుణెలో ఉద్యోగం అని రాసుంది. ఆరు ఫొటోలూ పత్రిక ముఖచిత్రాల్లా ఉన్నాయి. సెర్చ్‌లో వెతికితే చీరలమ్మే లింకులు తప్ప ఏమీ రాలేదని ఆయన ధీమా. నేను ముఖం వదిలేసి మిగతాదంతా చూశాను. పట్టుచీర ఫొటోలో పమిట కుడి భుజం మీదుగా వెనక్కి వేసి ఉంది. గుజరాతీ కట్టులో కొంగు కుడి భుజం మీదుగా ముందుకొస్తుంది, కానీ ఇది అది కాదు. మన మామూలు కట్టే, కాకపోతే తిరగబడింది. కారులో తీసిన ఇంకో ఫొటోలో స్టీరింగ్ ఎడమవైపు ఉంది.

అప్పుడు ఫోన్ గ్యాలరీలోనే ఎడిట్‌కి వెళ్లి ఫొటోని మళ్లీ అడ్డంగా తిప్పాం. ముఖం కత్తిరించేసి చీర, వెనకున్న గోడ మాత్రమే ఉంచి వెతికితే వేరే రాష్ట్రంలోని ఒక బొటిక్ పాత పోస్టు బయటపడింది. ఫొటోలో ఉన్నావిడ ఆ షాపు మోడల్. పాపం, తన ముఖంతో ఎవరో ప్రేమ కబుర్లు నడుపుతున్నారని ఆవిడకీ తెలియదు.

ఒక జాగ్రత్త: కొన్ని ఫోన్లలో ముందు కెమెరా సెల్ఫీలు తిరగబడే సేవ్ అవుతాయి. అందుకని సెల్ఫీలో పమిట అటు ఉందని ఎవరినీ దొంగ అనేయకండి. ఇంకొకరు తీసిన ఫొటోలోనే ఈ లెక్క పనికొస్తుంది.

ఏఐ ఫొటోలైతే వేళ్లు లెక్కపెట్టే రోజులు పోయాయి. ఇప్పుడు ఒక్కో ఫొటోని విడిగా కాకుండా, అన్నింటినీ పక్కపక్కన పెట్టి చెవి తమ్మె, పుట్టుమచ్చ, పలువరుస చూస్తున్నాం. ఫొటో ఫొటోకీ అవి మారుతుంటే అనుమానించాలి. మారకపోయినా నిజమని గ్యారంటీ లేదు.

అపోహ: ఒకసారి వీడియో కాల్‌లో కనిపించింది. ఇంకేం అనుమానం?

వాస్తవం: ఎంతసేపు కనిపించింది, ఏం చేసింది అన్నదే అసలు ప్రశ్న. పావు నిమిషం కనిపించి, చెయ్యి ఊపి, "నెట్ సరిగ్గా లేదు" అని కట్ చేసే కాల్ వెనక చాలాసార్లు ముందే రికార్డు చేసిన క్లిప్ ఉంటుంది. కంప్యూటర్‌లో కెమెరా బదులు ఆ క్లిప్‌ని కాల్‌లోకి పంపిస్తారు. అదే దారిలో కాల్ నడుస్తుండగానే ముఖం మార్చే సాఫ్ట్‌వేర్‌నీ వాడతారు. 2024 అక్టోబర్‌లో హాంకాంగ్ పోలీసులు ఇలా డీప్‌ఫేక్ ముఖాలతో ప్రేమ నటించిన ముఠాలో 27 మందిని అరెస్టు చేశారు. కొల్లగొట్టిన సొమ్ము దాదాపు 36 కోట్ల హాంకాంగ్ డాలర్లు. బాధితుల్లో మన దేశంవాళ్లూ ఉన్నారు.

కాబట్టి కాల్‌లో ముందుగా సిద్ధం చేసుకోలేని పని అడగాలి. నాకు బాగా నచ్చింది వెనక కెమెరాకి మార్చమనడం. "మీ కిటికీలోంచి ఏం కనిపిస్తుందో చూపించండి" అంటే చాలు. ఫోన్‌లో మాట్లాడే మనిషికి అది ఒక్క నొక్కు పని. కంప్యూటర్‌లోంచి ముఖం పంపుతున్నవాడు అక్కడే తడబడతాడు. తర్వాత చెవి పూర్తిగా మనవైపు వచ్చేంతగా తల పక్కకి తిప్పమనండి. ముఖం మార్చే సాఫ్ట్‌వేర్‌కి ఎదురుగా ఉన్న ముఖం తేలిక, పూర్తిగా పక్కకి తిరిగిన ముఖం కష్టం. దవడ అంచు, కళ్లజోడు ఫ్రేమ్ దగ్గర ఒక్క క్షణం చెదిరినట్టు కనిపించవచ్చు. అరచేతిని బుగ్గ మీదుగా నెమ్మదిగా జరపమన్నా అంతే. మంచి సాఫ్ట్‌వేర్ వీటిని దాటేయగలదు కాబట్టి వీటిలో ఫెయిలైతే మోసం అనుకోండి, పాసైతే ఇంకా ఏమీ తేలలేదనుకోండి.

పైగా నిజమైన మనిషే కాల్‌లోకి రావచ్చు! ఆగ్నేయాసియాలోని మోసాల క్యాంపుల్లో వీడియో కాల్స్ కోసమే అందమైనవాళ్లని పెట్టుకుంటారు. చాటింగ్ చేసేది ఇంకొకరు. ఉద్యోగాలని నమ్మించి మనవాళ్లనీ అలాంటి చోట్లకి తరలించిన ముఠా గుట్టును 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టారు. ఆ కంబోడియా కేసు చాలామందికి గుర్తుండే ఉంటుంది. అందుకే కాల్‌లో ఉన్నప్పుడు పాత చాట్ విషయం ఒకటి మామూలుగా కదపండి. "మొన్న మీ పిన్ని గురించి చెప్పారే, ఏమైంది?" అన్నట్టు. చాట్ చేసింది ఆ మనిషి కాకపోతే నవ్వి మాట మారుస్తారు.

అపోహ: ప్రొఫైల్‌కి బ్లూ టిక్ ఉంది.

వాస్తవం: ఫొటో వెరిఫికేషన్ టిక్ అంటే, అకౌంట్ తెరిచినవాళ్ల సెల్ఫీ ప్రొఫైల్ ఫొటోలతో సరిపోయిందని మాత్రమే. పేరు, ఉద్యోగం, పెళ్లయిందా లేదా అన్నవాటికి దానితో సంబంధం లేదు. వాట్సాప్‌లో పంపిన టిక్ స్క్రీన్‌షాట్‌కైతే అసలు విలువే లేదు. ఆధార్ ఫొటో పంపినా అంతే, అది ఎవరిదైనా కావచ్చు. మీది మాత్రం తిరిగి పంపకండి.

అపోహ: వీడియో కాల్‌కి రావట్లేదంటే మోసమే.

వాస్తవం: ఇది నేను ఒప్పుకోను. స్క్రీన్ రికార్డు చేసి, మార్ఫింగ్ చేసి బెదిరిస్తారని చాలామంది ఆడవాళ్లు భయపడతారు. ఆ భయంలో తప్పేం లేదు. మగవాళ్లని నగ్న వీడియో కాల్స్‌తో ఇరికించి డబ్బు గుంజే ముఠాలు కూడా ఉన్నాయి. వెరిఫికేషన్ కాల్ ఎవరు చేసినా, ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు ఎలా ఉంటారో అలాగే కూర్చుని మాట్లాడండి.

తేడా తెలిసేది "వద్దు" అన్నాక వచ్చే మాటలో. జాగ్రత్తపరులు ఇంకో దారి చూపిస్తారు. నంబరు ఇవ్వకుండా యాప్‌లోనే మాట్లాడదామంటారు (బంబుల్ లాంటి వాటిలో ఆ సదుపాయం ఉంది), లేదా ఆదివారం పొద్దున నలుగురూ ఉండే కాఫీ షాపులో కలుద్దామంటారు. మోసగాడి దగ్గర దారి ఉండదు, కథ ఉంటుంది. కెమెరా పాడైంది, ఆర్మీలో ఉన్నాను, ఓడలో ఉన్నాను. ఆ కథ సాగుతుండగానే టెలిగ్రామ్‌కి రమ్మంటారు, ట్రేడింగ్ లాభాల స్క్రీన్‌షాట్లు మొదలవుతాయి. మన హైదరాబాద్ ఆయనకి వచ్చిన సాకు, ఆఫీసు ఫోన్‌లో కెమెరా బ్లాక్ చేశారని. అలాంటి ఆఫీసులు ఉన్నమాట నిజమే. కానీ ఆ ఫోన్‌లోంచే రోజూ కొత్త సెల్ఫీలు వచ్చేవి.

అపోహ: నన్ను డబ్బు అడగనే లేదు.

వాస్తవం: అడగరు, పెట్టుబడి పెట్టమంటారు. మొదట కొద్దిగా వేయించి, లాభంతో సహా వెనక్కి తీసుకోనిస్తారు. నమ్మకం కుదిరాక పెద్ద మొత్తం వేయిస్తారు. అది తీసుకోబోతే ముందు ట్యాక్స్ కట్టాలంటారు. ఆ ట్యాక్స్ కట్టకండి, అదీ పోతుంది.

డబ్బు పంపేసి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి. సొమ్ము ఇంకో ఖాతాకి దాటకముందే చెబితే బ్యాంకులో ఆపించే అవకాశం ఉంటుంది. కోపంతో అన్‌మ్యాచ్ మాత్రం కొట్టకండి, చాలా యాప్‌ల్లో చాట్ మొత్తం మాయమైపోతుంది. ముందు ప్రొఫైల్, చాట్ స్క్రీన్‌షాట్లు, వాళ్ల నంబరు, ప్రతి చెల్లింపుకీ బ్యాంకు ఇచ్చే గుర్తింపు సంఖ్య, అంటే యూటీఆర్ నంబరు దాచిపెట్టుకుని ఆ తర్వాతే బ్లాక్ చేయండి.