విదేశీ డాక్టరుకు పంపే మందుల చీటీ: అనువాదంలో అపోహలు - వాస్తవాలు

తెలుగు రాష్ట్రాల్లో ల్యాబ్ రిపోర్టులు చాలావరకు ఇంగ్లీషులోనే వస్తాయి. అనువాదం అవసరమయ్యేది డిశ్చార్జి రోజు తెలుగులో రాసిచ్చిన మందుల చీటీకి, ఇంట్లోవాళ్లు రాసుకున్న రోగ వివరాలకు. సెకండ్ ఒపీనియన్ ఇచ్చే డాక్టరు చాలాసార్లు రోగిని చూడకుండా, కాగితాలు చూసే చెప్తారు. గుండె కవాటం మార్చిన, షుగర్, థైరాయిడ్ ఉన్న ఒక రోగి చీటీ ఇలా ఉందనుకుందాం: "అసిట్రోమ్ 2 రాత్రి ఒకటి. థైరోనార్మ్ 50 పరగడుపున ఒకటి. గ్లైకోమెట్ జీపీ 2 టిఫిన్‌కు ముందు ఒకటి. ఇన్సులిన్ పొద్దున 20, రాత్రి 12. ప్లేట్‌లెట్లు 1.8 లక్షలు."

అపోహ: మందు పేరు, పక్కనున్న అంకె ఉన్నదున్నట్టు ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే చాలు.

వాస్తవం: ఇవి మన దేశంలో అమ్మే బ్రాండ్ పేర్లు. బ్రాండ్ పేరు ఉంచి, పక్కనే లోపలి మందు పేరు రాయాలి. అంకెకు ప్రమాణం కూడా చేర్చాలి, ఎందుకంటే చీటీలో అది ఉండదు. థైరోనార్మ్ 50 అంటే లీవోథైరాక్సిన్ 50 మైక్రోగ్రాములు. అలవాటుగా మిల్లీగ్రాములు అని రాస్తే మోతాదు వెయ్యి రెట్లవుతుంది. `µg` అనే గుర్తు చేతిరాతలో `mg` లా కనబడుతుంది కాబట్టి `mcg` అని టైప్ చేయండి. గ్లైకోమెట్ జీపీ 2లో ఆ 2 గ్లిమెపిరైడ్‌ది మాత్రమే. అందులో మెట్‌ఫార్మిన్ 500 మిల్లీగ్రాములు కూడా ఉంటుంది, పేరులో కనబడదు. ఇలాంటి జోడు మందులకు మందు స్ట్రిప్ వెనకవైపు ఫోటో అడగకుండా అనువాదం మొదలుపెట్టవద్దు.

అపోహ: ఆ దేశంలో దొరకని మందుకు అక్కడి సమానమైన మందు పేరు రాస్తే డాక్టరుకు సులువు.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన సాయం ఇదే. అసిట్రోమ్‌లో ఉండేది అసెనోకూమరాల్. అమెరికాలో దీన్ని వాడరు, అక్కడ వార్ఫరిన్ వాడతారు. రెండూ రక్తం గడ్డకట్టకుండా చూసేవే. కానీ అసెనోకూమరాల్ శరీరంలోంచి త్వరగా పోతుంది, రెండింటి మిల్లీగ్రాములూ సమానం కావు. "వార్ఫరిన్ 2 మి.గ్రా." అని రాస్తే, రోగి ఎన్నడూ మింగని మందు మోతాదు మీద డాక్టరు సలహా ఇస్తారు. ఒకే మందుకు రెండు పేర్లుంటే మాత్రం రెండూ రాయవచ్చు: పారాసెటమాల్‌నే అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు.

అపోహ: ఇన్సులిన్ 20 అంటే 20 యూనిట్లే, అందులో అడగడానికేముంది?

వాస్తవం: అడగాలి. మన దగ్గర ఇన్సులిన్ సీసాలు చాలావరకు మి.లీ.కు 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజి. పెన్ను కార్ట్రిజ్‌లు మి.లీ.కు 100 యూనిట్లవి, 100 యూనిట్ల సిరంజికి నారింజ మూత. 40 యూనిట్ల సీసా మందును నారింజ మూత సిరంజితో 20 అంకె దాకా లాగితే 0.2 మి.లీ. వస్తుంది, అంటే 8 యూనిట్లే. రోగి షుగర్ ఎందుకు తగ్గడం లేదన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉండవచ్చు. ఇన్సులిన్ పేరు, సీసా మీది బలం, మూత రంగు ఇంట్లోవాళ్లను అడిగి రాయండి. జవాబు దొరకకపోతే "మూలంలో ప్రమాణం లేదు" అని అనువాదకుని గమనికగా పెట్టండి. దొరికితే `units` అని పూర్తిగా రాయండి, ఒంటరి `U` సున్నాలా కనబడుతుంది.

అపోహ: ల్యాబ్ అంకెలను ఆ దేశపు ప్రమాణాల్లోకి మార్చేయాలి.

వాస్తవం: అసలు అంకె, అసలు ప్రమాణం, ఆ ల్యాబ్ ఇచ్చిన సాధారణ పరిధి కదపకూడదు. బ్రిటన్‌కు పంపేటప్పుడు మార్చిన విలువ కావాలంటే "అనువాదకుడు లెక్కించినది" అని పక్కన చేర్చండి. గ్లూకోజ్‌కు 18తో భాగించాలి, క్రియాటినిన్‌కు 88.4తో గుణించాలి:

```
126 mg/dL ÷ 18 = 7.0 mmol/L
1.4 mg/dL × 88.4 = 124 µmol/L
```

తప్పక విప్పి రాయాల్సింది లక్షలే. 1.8 లక్షల్లో "లక్షలు" జారిపోతే ప్లేట్‌లెట్లు దాదాపు లేనట్టు కనిపిస్తుంది. 1,80,000 అని మన పద్ధతిలో కామాలు పెడితే అంకె తప్పు పడిందేమో అనుకుంటారు. `180,000/µL` అని రాయండి.

అపోహ: రోగి మాటలకు వైద్య పదాలు వాడితే అనువాదం మెరుగవుతుంది.

వాస్తవం: "గ్యాస్ నొప్పి"ని గ్యాస్ట్రైటిస్ అంటే రోగ నిర్ధారణ మీరు చేసినట్టే. ఆ నొప్పి గుండెదీ కావచ్చు. రోగి మాటను కొటేషన్లలో పెట్టి, నొప్పి ఎక్కడ, ఎప్పుడు, ఎంతసేపు అన్నది చీటీలో ఉన్నంతవరకే రాయండి.

చివరి తనిఖీకి ఇద్దరు కావాలి. ఒకరు ఇంగ్లీషు ప్రతిలోని ప్రతి మందు, అంకె, ప్రమాణం, వేళ పైకి చదవాలి, రెండోవారు తెలుగు చీటీని, స్ట్రిప్‌ల ఫోటోలను చూస్తూ సరిపోల్చాలి. తేదీల్లో నెలను అక్షరాల్లో రాయండి: 05/03ను అమెరికాలో మే 3గా చదువుతారు. మూలం స్కాన్‌ను అనువాదంతోపాటే పంపండి.