పీ-వాల్యూ 0.09 వచ్చిన ఎక్మో ట్రయల్, 96 శాతం అన్న బేసియన్ రిపోర్టు: మధ్యలో ఏం జరిగింది

2018లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఇయోలియా అనే ట్రయల్ ఫలితం వచ్చింది. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిని, వెంటిలేటర్ మీదున్నా ఆక్సిజన్ సరిపోని 249 మందిని అందులో తీసుకున్నారు. సగం మందికి వెంటనే ఎక్మో పెట్టారు, అంటే రక్తాన్ని బయటికి తీసి ఆక్సిజన్ ఎక్కించి మళ్లీ ఒంట్లోకి పంపే మెషిన్. మిగతా సగానికి మామూలు చికిత్స. 60 రోజుల్లో ఎక్మో వైపు 124 మందిలో 44 మంది చనిపోతే, రెండో వైపు 125 మందిలో 57 మంది చనిపోయారు. 35 శాతం, 46 శాతం. రిలేటివ్ రిస్క్ 0.76, అంటే ఎక్మో వైపు మరణాల శాతం రెండో వైపు శాతంలో 0.76 వంతు. కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ 0.55 నుంచి 1.04, పీ-వాల్యూ 0.09. అలవాటుగా గీసే 0.05 గీత దాటింది కాబట్టి మరణాలు గణనీయంగా తగ్గలేదని పేపర్ రాసింది.

అదే ఏడాది గోలిగర్ అనే పరిశోధకుడి బృందం అవే అంకెల్ని బేసియన్ పద్ధతిలో మళ్లీ లెక్కగట్టి జామా అనే వైద్య పత్రికలో వేసింది. ఈ పద్ధతిలో డేటా చూడకముందు ఉన్న అంచనాని ప్రయర్ అంటారు, దాన్ని డేటాతో కలిపాక వచ్చేదాన్ని పోస్టీరియర్ అంటారు. డేటాకే దాదాపు అంతా వదిలేసే ప్రయర్‌తో, ఎక్మో మరణాల్ని ఎంతో కొంత తగ్గిస్తుందనడానికి 96 శాతం సంభావ్యత ఉందని తేల్చింది. పీ-వాల్యూలకు అలవాటుపడ్డ కంటికి ఇది ఓడిన మ్యాచ్‌ని రూల్సు మార్చి గెలిపించినట్టు కనపడుతుంది. ఆ అనుమానం న్యాయమైనదే, దానికి జవాబు చెప్పకుండా బేసియన్ రిపోర్టు రాయకూడదని నా అభిప్రాయం.

ముందు ఆ 96 సంగతి చూద్దాం. పీ-వాల్యూ 0.09 రెండు వైపులదీ కలిపి. ఒక వైపుది అందులో సగం, 0.045. దాన్ని ఒకటిలోంచి తీసేస్తే 95.5 శాతం. ప్రయర్‌లో చెప్పుకోదగ్గ సమాచారమేమీ లేనప్పుడు, ఇలాంటి మామూలు లెక్కలో, పోస్టీరియర్ సంభావ్యత ఇంచుమించు ఇక్కడికే వస్తుంది. ఇంటర్వెల్ కూడా దాదాపు అదే వస్తుంది. అంటే 96 శాతం కొత్త సాక్ష్యం కాదు, ఉన్న సాక్ష్యాన్నే ఇంకో ప్రశ్నకు జవాబుగా చెప్పడం. ‘అసలు ప్రభావమే లేకపోతే ఇంత తేడా, లేదా ఇంతకన్నా ఎక్కువ తేడా, ఎంత తరచుగా వస్తుంది’ అనేది పీ-వాల్యూ ప్రశ్న. ‘ఈ డేటా చూశాక, ప్రభావం ఉందని ఎంత నమ్మొచ్చు’ అనేది పోస్టీరియర్ ప్రశ్న. రెండో ప్రశ్న అడగాలంటే ప్రయర్ తప్పనిసరి, గొడవంతా అక్కడే మొదలవుతుంది.

ఈ గొడవ పాతదే. స్కాట్లండ్‌లోని గ్రాంపియన్ ప్రాంతంలో జరిగిన గ్రేట్ అనే ట్రయల్ ఫలితం 1992లో వచ్చింది. గుండెపోటు వచ్చినవాళ్లకి ఆస్పత్రికి చేరేదాకా ఆగకుండా, ఊరి డాక్టరే ఇంటి దగ్గర రక్తం గడ్డల్ని కరిగించే మందు ఇస్తే ఎలా ఉంటుందని చూశారు. మూడు నెలల్లో ఇంటి దగ్గరే మందు అందిన 163 మందిలో 13 మంది, ఆస్పత్రిలో అందిన 148 మందిలో 23 మంది చనిపోయారు. మరణాలు సగానికి సగం తగ్గాయి, పీ-వాల్యూ 0.04. మామూలు లెక్కలో ఇది గెలుపే. కానీ సుమారు రెండు గంటలు ముందు మందిస్తే చావులు సగమైపోతాయా అని పోకాక్, స్పీగల్‌హాల్టర్ అనే గణాంక శాస్త్రవేత్తలు సందేహపడ్డారు. అప్పటికి తెలిసినదాన్ని బట్టి 15 నుంచి 20 శాతం తగ్గుదల నమ్మదగింది, అసలు లేకపోవడం, 40 శాతం తగ్గడం రెండూ అంచులు అని ఒక ప్రయర్ పెట్టారు.

ఆ లెక్క చేత్తో కూడా చేయొచ్చు. ఒక్కో గ్రూపులో చనిపోయినవాళ్లని బతికినవాళ్లతో భాగిస్తే ఆడ్స్ వస్తుంది, రెండు గ్రూపుల ఆడ్స్ నిష్పత్తే ఆడ్స్ రేషియో. దాని లాగరిథమ్‌లో డేటా చెప్పేది −0.75, దాని స్టాండర్డ్ ఎర్రర్ 0.37. ప్రయర్ మధ్య బిందువు −0.255, స్టాండర్డ్ డీవియేషన్ 0.13. ఒక్కోదాని వర్గాన్ని తిరగేస్తే దాని బరువు వస్తుంది: డేటాకి సుమారు 7.4, ప్రయర్‌కి 59. ఆ బరువులతో సగటు తీస్తే −0.31, అంటే ఆడ్స్ రేషియో 0.73, ఇంటర్వెల్ 0.58 నుంచి 0.93. సగం తగ్గిందన్నది కాస్తా పావు కంటే కొంచెం ఎక్కువ తగ్గుదలగా మారింది. ఎనిమిదేళ్ల తర్వాత, 2000లో, ఆరు ట్రయల్స్‌ని, 6,434 మందిని కలిపిన విశ్లేషణ జామాలో వచ్చింది. ఆస్పత్రిలో మరణాలకు ఆడ్స్ రేషియో 0.83 అని అందులో తేలింది. సందేహపడ్డవాళ్లు కూడా ఇంకాస్త సందేహపడాల్సిందన్నమాట.

అంటే ప్రయర్ ఓడినవాళ్లని గెలిపించడానికి పుట్టిన ఎత్తు కాదు, ఇక్కడ గెలిచిన ట్రయల్‌నే వెనక్కి లాగింది. కానీ ఈ కథలో ఇంకో మాట కూడా దాగుంది. ప్రయర్ బరువు డేటాకి ఎనిమిది రెట్లు, అంటే కనపడని 2,500 మంది రోగుల్ని 311 మంది పక్కన కూర్చోబెట్టినట్టు. ఈ సంగతి చెప్పకుండా 0.73 అని మాత్రమే రాస్తే చదివేవాళ్లకి అన్యాయం చేసినట్టే.

1994లో స్పీగల్‌హాల్టర్, ఫ్రీడ్‌మన్, పార్మర్ రాసిన పేపర్ దీనికి ఒక దారి చూపించింది. ఒకే ప్రయర్‌తో ఆగొద్దు, సందేహించేవాడి ప్రయర్, ఉత్సాహపడేవాడి ప్రయర్ రెండూ పెట్టి ఫలితం ఎంత కదులుతుందో చూపించమన్నారు. సందేహించేవాడు ప్రభావం సున్నా దగ్గర మొదలుపెడతాడు, ట్రయల్ ఆశించినంత లాభం రావడానికి 5 శాతం అవకాశమే ఇస్తాడు. ప్రయర్ సెన్సిటివిటీ అంటే నిజానికి ఇదే.

ఇయోలియాకి అదే వేసి చూద్దాం. ఎక్మో మరణాల్ని 60 శాతం నుంచి 40కి తెస్తుందని ఆశించి ట్రయల్‌ని ప్లాన్ చేశారు, అంటే రిలేటివ్ రిస్క్ 0.67. రిలేటివ్ రిస్క్ లాగరిథమ్‌లో సందేహించేవాడి ప్రయర్ స్టాండర్డ్ డీవియేషన్ 0.246 అవుతుంది, బరువు 16.5, డేటా బరువు సుమారు 38. అంటే ప్రయర్‌కి 108 మంది రోగుల విలువ, డేటాలో సగం కన్నా తక్కువ. నా లెక్కలో రిలేటివ్ రిస్క్ 0.83, ఇంటర్వెల్ 0.63 నుంచి 1.08, మేలు చేస్తుందనడానికి 92 శాతం. గోలిగర్ బృందం ఇంకా గట్టి సందేహంతో వేస్తే 88కి దిగింది, ఉత్సాహం వైపు 99 దాకా వెళ్లింది. ఏ ప్రయర్‌తో మొదలుపెట్టినా మేలు వైపే మొగ్గు.

అయితే ‘ఎంత మేలు’ అని అడిగితే సీను మారిపోతుంది. రిలేటివ్ రిస్క్ 0.67 కన్నా తక్కువ, అంటే మూడో వంతు మరణాలు తగ్గడానికి సంభావ్యత వాళ్ల పట్టికలో ప్రయర్‌ని బట్టి 0 నుంచి 48 శాతం దాకా ఊగింది. ఈ ప్రశ్నకి డేటా కాదు, ప్రయరే జవాబిస్తోంది. ‘ఫలితం నిలకడగా ఉంది’ అని ఒక్క ముక్కలో రాసేసే రిపోర్టుల్లో ఇదే దాగిపోతుంది. ఏ ప్రశ్నకి నిలకడ, ఏ ప్రశ్నకి కాదు అని విడివిడిగా రాయాలి.

పీ-వాల్యూ అలవాటున్నవాళ్ల కోసం నేనైతే ఇలా రాస్తాను: ‘సందేహించే ప్రయర్‌తో, దీని బరువు సుమారు 108 మంది రోగులకు సమానం, రిలేటివ్ రిస్క్ 0.63, 1.08 మధ్య ఉండే సంభావ్యత 95 శాతం. 1 కన్నా తక్కువ ఉండే సంభావ్యత 92 శాతం, 0.67 కన్నా తక్కువ ఉండే సంభావ్యత 6 శాతం.’ ఇంటర్వెల్‌లో 1 ఉంది కదా, కాబట్టి ఫెయిల్ అని ఎవరైనా అంటారు. అది పాత గీతనే ఇక్కడ మళ్లీ గీయడం. 1 ఇంటర్వెల్‌లో ఉందా లేదా అన్నది కాదు, 1కి ఏ పక్కన ఎంత సంభావ్యత ఉందన్నది చూడాలి.

ఇంకో రెండు విషయాలు రిపోర్టులో పైకి కనపడేలా ఉండాలి. ఒకటి, గోలిగర్ బృందం విశ్లేషణ ఇయోలియా ఫలితం తెలిశాక చేసింది. అందుకే ఒక్క ప్రయర్‌ని సమర్థించుకోకుండా అన్ని రకాలవీ పక్కపక్కన పెట్టడం వాళ్లకి అవసరమైంది. డేటా రాకముందే ప్రయర్ రాసిపెట్టి ఉంటే ఆ తారీఖు చెప్పడమే సగం నమ్మకాన్నిస్తుంది. రెండోది, మామూలు చికిత్స వైపు 125 మందిలో 35 మందికి పరిస్థితి విషమించి మధ్యలో ఎక్మో పెట్టాల్సి వచ్చింది. దాంతో రెండు గ్రూపుల మధ్య పోలిక మసకబారింది. ఆ మసకని ఏ ప్రయరూ తుడవలేదు, ఎందుకంటే పైన వేసిన లెక్కలన్నిటికీ ఆ 44, 57 అనే అంకెలే ఆధారం. ఆ 35 మందికి ఎక్మో పెట్టకపోతే ఏమయ్యేది అన్నది వేరే మోడల్‌తో, దాని ఊహల్ని విడిగా రాసి లెక్కగట్టాల్సిన ప్రశ్న.