1/11 నుంచి 1/20 వరకు కూడితే

ఇంటర్ రెండో సంవత్సరంలో ఒక క్లాసు పరీక్షలో ఈ మొత్తం ఇచ్చి, n అనంతానికి పోతే ఇది ఎంతకు చేరుతుందని అడిగారు:

1/(n+1) + 1/(n+2) + … + 1/(2n)

నేను అర నిమిషంలో సున్నా అని రాసేసి తర్వాతి లెక్కకు వెళ్లిపోయాను. n పెరిగేకొద్దీ ఒక్కో పదమూ సున్నాకి దగ్గరవుతుంది కదా, సున్నాలు ఎన్ని కూడితే మాత్రం ఏమొస్తుంది అని నా లాజిక్. పేపర్ తిరిగొచ్చాక చూస్తే ఆ జవాబు పక్కన ఎర్ర ఇంకుతో రెండే మాటలున్నాయి: "పదాలు ఎన్ని?"

మెలిక అక్కడుంది. n పది అయితే పది పదాలు, వెయ్యి అయితే వెయ్యి పదాలు. ఒక్కో పదం ఎంత వేగంగా చిక్కిపోతోందో, పదాల సంఖ్య అంతే వేగంగా పెరుగుతోంది. అన్నిటికన్నా చిన్నది చివరి పదం, 1/(2n). n పదాలూ అంత చిన్నవే అనుకున్నా మొత్తం అర వస్తుంది. మరోవైపు ప్రతి పదమూ 1/n కన్నా చిన్నదే కాబట్టి మొత్తం 1 దాటదు. అంటే జవాబు అరకీ ఒకటికీ మధ్య ఎక్కడో ఉండాలి. కాలిక్యులేటర్ పట్టుకుని కూర్చుంటే n = 10 దగ్గర 0.6688 వస్తుంది. n = 100 దగ్గర 0.6907, n = 1000 దగ్గర 0.6929. ఎక్కడో ఆగేలాగే ఉంది. ఆ ఆగే చోటుకి పేరేమిటో మాత్రం కాలిక్యులేటర్ చెప్పదు.

పేరు తెలియాలంటే ఈ కూడికను వేరే కంటితో చూడాలి. k-వ పదం 1/(n+k). హారంలోంచి n బయటికి లాగితే అది ఇలా అవుతుంది:

(1/n) × 1/(1 + k/n)

చేసింది చిన్న సర్దుబాటే, విలువ ఏమీ మారలేదు. కానీ ఇప్పుడది రెండు సంఖ్యల లబ్ధంలా కనిపిస్తోంది. వెడల్పు 1/n, ఎత్తు 1/(1 + k/n) ఉన్న దీర్ఘచతురస్రం వైశాల్యం అది. గ్రాఫ్ పేపర్ మీద 0 నుంచి 1 వరకు గీత గీసి, దాన్ని n సమాన ముక్కలు చేయండి. ముక్కల కుడి చివరలు 1/n, 2/n, 3/n అలా 1 దాకా ఉంటాయి. y = 1/(1+x) అనే వక్రం x = 0 దగ్గర ఎత్తు 1తో మొదలై, x = 1 దగ్గరికి వచ్చేసరికి సగానికి దిగుతుంది. ప్రతి ముక్క మీదా, దాని కుడి చివర వక్రం ఎంత ఎత్తులో ఉందో అంత ఎత్తు పట్టీ నిలబెడితే, ఆ పట్టీల మొత్తం వైశాల్యమే మన కూడిక. n పెరిగేకొద్దీ పట్టీలు సన్నబడి, వక్రం కింద ఉన్న చోటునంతా నింపేస్తాయి. కాబట్టి లిమిట్ అంటే ఆ వక్రం కింద 0 నుంచి 1 వరకు ఉన్న వైశాల్యం:

∫₀¹ dx/(1+x) = ln 2 = 0.693147…

పాఠ్యపుస్తకంలో 'నిశ్చిత సమాకలని' అన్నా, క్లాసులో డెఫినిట్ ఇంటిగ్రల్ అన్నా ఇదే. లైబ్నిజ్ 1675లో ∫ గుర్తును మొదటిసారి రాసుకున్నప్పుడు, లాటిన్‌లో మొత్తం అని అర్థమొచ్చే మాటలోని మొదటి అక్షరం S నే పొడుగ్గా సాగదీశాడు. మనం కూడికకు వాడే Σ కూడా గ్రీకు S. కాబట్టి Σ తీసి ∫ పెట్టడమంటే ఒక S చోట ఇంకో S పెట్టడమే. దాంతోపాటు k/n స్థానంలో x, 1/n స్థానంలో dx వస్తాయి.

హద్దుల దగ్గర చాలామంది తడబడతారు. క్లాసులో ఎక్కువ లెక్కలు 0 నుంచి 1 వరకే ఉంటాయి కాబట్టి, కళ్లు మూసుకుని అవే వేసేస్తారు. నిజానికి హద్దులను ఎవరూ ఇవ్వరు, మనమే చదవాలి. మొదటి పదంలో k/n ఎక్కడికి పోతోంది, చివరి పదంలో ఎక్కడికి పోతోంది అని చూడాలి. పై కూడికను 1/(2n) దగ్గర ఆపకుండా 1/(3n) దాకా కొనసాగిస్తే, k ఇప్పుడు 2n వరకు వెళ్తుంది. k/n చివరికి 2 అవుతుంది కాబట్టి పై హద్దు 2, జవాబు ln 3. కూడిక k = 1 బదులు k = 0 నుంచి మొదలైందే అని టెన్షన్ పడనక్కర్లేదు. ఒక్క పట్టీ ఎక్కువో తక్కువో అవుతుంది, దాని వెడల్పు ఎలాగూ సున్నాకి పోతుంది.

ఈ బొమ్మ ఇంకో సంగతి కూడా చెబుతుంది, దాన్ని పరీక్షల్లో ఎవరూ అడగరు. n = 10 దగ్గర మన మొత్తం 0.6688. ln 2 కి 0.0244 తక్కువ. ఎందుకంత తక్కువ? వక్రం కిందికి దిగుతోంది, మనం కుడి చివరి ఎత్తు తీసుకున్నాం, కాబట్టి ప్రతి పట్టీ మీదా వక్రానికి కింద త్రిభుజంలాంటి చిన్న ఖాళీ మిగిలిపోతుంది. ఆ త్రిభుజాలన్నిటినీ ఎడమకు జరిపి ఒకే పట్టీలోకి తోయండి. ఒకదాని కింద ఒకటి మెట్ల వరసలా సరిపోతాయి. ఆ పట్టీ వెడల్పు 1/n, ఎత్తు వక్రం మొత్తం దిగినంత, అంటే 1 − 1/2 = 1/2. త్రిభుజాలు అందులో సుమారు సగం చోటు తీసుకుంటాయి. కాబట్టి తేడా దాదాపు 1/(4n). n = 10 అయితే 0.025, అసలు తేడా 0.0244! n = 1000 దగ్గర కూడా మూడో దశాంశ స్థానం ఎందుకు కుదరలేదో ఇప్పుడు తెలుస్తుంది. అక్కడ ఇంకా 0.00025 బాకీ ఉంది.

ఇక మోసపోయే చోటు. ఈ రెండు కూడికలు చూడండి, రెండింటిలోనూ k విలువ 1 నుంచి n వరకు:

Σ n/(n² + k²)

Σ n/(n² + k)

చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉన్నాయి. మొదటిదాంట్లో n² బయటికి తీస్తే (1/n) × 1/(1 + (k/n)²) వస్తుంది. 1/n పక్కకు పెట్టాక మిగిలినదాంట్లో k, n విడివిడిగా ఎక్కడా లేవు, k/n అనే జంటగానే ఉన్నాయి. కాబట్టి ఇది ∫₀¹ dx/(1+x²), అంటే tan⁻¹ 1, అంటే π/4. విలువ సుమారు 0.7854. n = 10 పెట్టి కూడితే 0.7600 వస్తుంది. తేడా మళ్లీ 0.025 దగ్గరే ఉంది చూశారా? ఈ వక్రం కూడా 1 నుంచి 1/2 కే దిగుతుంది మరి.

రెండోదాంట్లో అదే పని చేస్తే (1/n) × 1/(1 + k/n²) వస్తుంది. k/n² ని k/n గా మార్చే దారి లేదు. బలవంతంగా x/n అని రాసి, n ని లోపలే ఉంచి ఇంటిగ్రల్ గుర్తు పెట్టేసేవాళ్లున్నారు. లిమిట్ తీసుకున్నాక n మిగలకూడదు కదా! అసలు జరుగుతున్నదేమిటంటే, k ఎంత పెరిగినా n దాటదు కాబట్టి k/n² విలువ 1/n ని మించదు. పట్టీలన్నీ దాదాపు ఒకే ఎత్తులో, 1 దగ్గరే నిలబడి ఉంటాయి. అన్నిటికన్నా పొట్టి పట్టీ ఎత్తే అన్నిటికీ వేసినా మొత్తం n/(n+1) వస్తుంది. పై వైపు 1 ఎలాగూ దాటదు. మధ్యలో నలిగిపోయి లిమిట్ 1 అవుతుంది. n = 10 దగ్గరే మొత్తం 0.9486 ఉంది. కాబట్టి నేనైతే ఇంటిగ్రల్ గుర్తు ముట్టుకునే ముందు ఒక్కటే చూసుకుంటాను: 1/n బయటికి తీశాక లోపల k/n తప్ప ఇంకేమైనా మిగిలిందా?

కూడికే లేని చోట కూడా ఇది పనికొస్తుంది. n! కి n-వ మూలం తీసి n తో భాగిస్తే, n పెరిగేకొద్దీ అది ఎక్కడికి పోతుంది? ఇక్కడున్నది గుణకారం. లాగరిథమ్ తీసుకుంటే గుణకారం కూడికవుతుంది. 1/n, 2/n, … n/n ల లబ్ధానికి n-వ మూలం కాబట్టి, దాని లాగరిథమ్ (1/n) Σ ln(k/n). 1/n ఉంది, లోపల k/n మాత్రమే ఉంది. ∫₀¹ ln x dx = −1, కాబట్టి అసలు లిమిట్ 1/e, సుమారు 0.3679.

ఇక్కడ ఒక చిన్న దొంగతనం జరిగింది. పట్టీల లిమిట్ ఇంటిగ్రల్‌కు సమానం అనే నియమం వక్రం అంతరం పొడవునా అదుపులో ఉన్నప్పుడే పూచీ ఇస్తుంది. ముందు చూసిన వక్రాలు రెండూ నిరంతరమైనవి, ఏ ఇబ్బందీ లేదు. ln x మాత్రం 0 దగ్గర పాతాళానికి దిగిపోతుంది. అదృష్టవశాత్తూ అది ఎక్కడా ఊగిసలాడకుండా ఎడమ నుంచి కుడికి పెరుగుతూనే ఉంటుంది. అందువల్ల పట్టీల మొత్తం −1 కన్నా తగ్గదు, −1 + (1 + ln n)/n ని మించదు. n పెరిగితే ఆ (1 + ln n)/n సున్నాకి పోతుంది కాబట్టి జవాబు సరైనదే.

కాకపోతే నెమ్మదిగా పోతుంది. 100! కి నూరో మూలం తీసి 100తో భాగిస్తే 0.3799 వస్తుంది, 1/e కి ఇంకా 0.012 పైన. నూరు పదాలకు ln 2 లెక్కలో మిగిలిన తేడా 0.0025 మాత్రమే. ఈ ఆలస్యంలో ఎక్కువ పాలు 0 పక్కనున్న మొదటి పట్టీలదే. వక్రం నిట్టనిలువుగా దిగిపోయే చోట, కుడి చివరి ఎత్తు చూసి నిలబెట్టిన పట్టీ దాన్ని ఏ మాత్రం అందుకోలేదు.